వేరే వేరే దేశాల్లో ఉన్న దంపతులు ఓపిక, నమ్మకం మీద నాలుగు మాటలు రాసుకోవడం ఎలా

ఉద్యోగాల కోసం భార్య ఒక దేశంలో, భర్త ఒక దేశంలో ఉంటున్నవాళ్ళు తరచూ అడిగే సాయం ఒకటుంది. "మా ఆయనకి పంపడానికి నాలుగు మంచి మాటలు చెప్పండి, సినిమా డైలాగులా ఉండకూడదు." ఇంకొందరు ఇదే మరో రకంగా అడుగుతారు. "మా ఆవిడ పుట్టినరోజు కార్డు మీద రాయడానికి ఒక వాక్యం కావాలి, చదివి ఏడవకూడదు, నవ్వినా పర్లేదు."

దొరికిన మాటలు ఎత్తి పంపేస్తే పనవదు. ఆ మాటలు అందరివీ, అవతలివాళ్ళు అప్పటికే ఎక్కడో చూసి ఉంటారు. అలాగని కవి కానక్కర్లేదు. ఒక సాయంత్రం కూర్చుంటే మీ ఇద్దరికీ సరిపోయే మాటలు రెండు మూడు మీరే రాసుకోవచ్చు. అదెలాగో వరసగా చెబుతాం. చివర్లో కొన్ని తయారు మాటలు కూడా ఉన్నాయి. వాటిని అచ్చంగా వాడుకోకుండా మీ ఇంటి కొలతకు కత్తిరించుకోండి.

కావలసినవి

ఒక కాగితం, ఒక పెన్ను. ఫోన్లో రాయకండి. ఫోన్లో రాస్తే చేతికి మొదట తగిలేది పాత స్టేటస్ మాటలే.

గత నెల రోజుల్లో మీ ఇద్దరి మధ్య జరిగిన చిన్న చిన్న సంగతులు ఆరేడు రాసి పెట్టుకోండి. ఎత్తని ఫోను, మాట్లాడుతుండగా తెగిపోయిన లైను, వాయిదా పడిన సెలవు, డబ్బు పంపిన రోజు, నిద్రలో ఇచ్చిన జవాబు, ఇలాంటివి. పెద్ద సంఘటనలు వద్దు. పెళ్ళి, విమానాశ్రయం, వీడ్కోలు ఈ జాబితాలోకి వస్తే కొట్టేయండి. వాటి చుట్టూ ఇప్పటికే ఎన్నో కన్నీళ్ళు కారాయి, వాటిలోంచి కొత్త మాట రావడం కష్టం.

ఇద్దరి గడియారాలూ పక్కపక్కన రాసుకోండి. మీకు పొద్దున 7 అయితే వాళ్ళకెంత, వాళ్ళు పనిలోకి వెళ్ళేదెప్పుడు, పడుకునేదెప్పుడు. ఇది ఎందుకో ఆరో మెట్టులో తెలుస్తుంది.

1. ఎవరు ఎవరితో అంటున్నారో ముందు తేల్చుకోండి

కొన్ని భాషల్లో లేని సౌకర్యం ఒకటి తెలుగులో ఉంది. "మనం" అంటే వినేవాళ్ళు కూడా లోపలే. "మేము" అంటే వినేవాళ్ళు బయట. భార్యకో భర్తకో పంపే మాటలో "మనం" ఉండాలి. అదే మాట పదిమంది చూసే స్టేటస్‌లో పెడితే "మనం" ఎవరన్నది తేలదు, "మేము" అంటే చూసేవాళ్ళకు చెబుతున్నట్టు అవుతుంది కానీ జీవిత భాగస్వామికి చెబుతున్నట్టు ఉండదు. అంటే ఒకే వాక్యం రెండు చోట్లా పనికిరాదు. ఏదో ఒకటి ఎంచుకోండి. మా సలహా అడిగితే, స్టేటస్ వదిలేయండి. ఓపిక గురించి ఊరందరికీ చెప్పే మాట ఎంత మంచిదైనా కొంత ప్రదర్శన అయిపోతుంది.

తర్వాత నువ్వు, మీరు సంగతి. మీ ఇంట్లో ఒకరినొకరు ఎలా పిలుచుకుంటారో అలాగే రాయండి. రోజూ "ఏమండీ, తిన్నారా" అని అడిగే మనిషి కార్డు మీద మాత్రం "నువ్వే నా ధైర్యం" అని రాస్తే అది వేరెవరి కార్డో అనిపిస్తుంది. మీ ఇంట్లో ఒకరు "మీరు" అని, ఇంకొకరు "నువ్వు" అని అనుకుంటే, మాటని ఇద్దరూ వాడుకోవాలనుకుంటే సర్వనామమే లేకుండా రాయడం తేలిక. సామెతలు చాలావరకు చేసేది అదే. "అనుమానం పెనుభూతం"లో నువ్వూ లేదు, మీరూ లేదు. అందుకే ఎవరు ఎవరితోనైనా అనగలరు.

2. ఒక్క సంగతి పట్టుకోండి

రాసి పెట్టుకున్న జాబితాలోంచి ఒక్కటి తీసుకోండి. "ఓపిక గురించి" అని మొదలుపెడితే ఓపిక గురించి లోకంలో ఉన్న మాటలన్నీ గుర్తొస్తాయి. "మంగళవారం ఎత్తని ఫోను గురించి" అని మొదలుపెడితే మీ మాటే వస్తుంది.

ఒక జంటను తీసుకుందాం. ఆమె వేరే దేశంలో ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ రాత్రి 7 నుంచి పొద్దున 7 దాకా. ఆమె గడియారం అతని గడియారం కంటే 5 గంటలు వెనక. అతను పొద్దున 7కి ఆఫీసుకి బయల్దేరే ముందు ఫోన్ చేస్తాడు. అప్పుడక్కడ అర్ధరాత్రి దాటి 2 గంటలు. ఆమె వార్డులో ఉంటుంది, ఫోను లాకర్లో ఉంటుంది. ఎత్తదు. డ్యూటీ దిగి ఏడున్నరకి ఆమె తిరిగి చేసేసరికి ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. అతను మీటింగులో ఉంటాడు. ఎత్తడు. నిజానికి ఇద్దరూ తీరిగ్గా మాట్లాడుకోగలిగే సమయం ఒకటే. అతనికి రాత్రి 10, ఆమెకు సాయంత్రం 5. అది దాటితే మర్నాటిదాకా ఆగాలి.

ఈ జంటకి "దూరం" అన్నది సమస్య కాదు. సమస్య ఎత్తని ఫోను. కాబట్టి మాట దాని మీదే రాయాలి. మీ జాబితాలో ఏది ఎక్కువసార్లు కనిపిస్తుందో చూడండి, మీ మాట దానిదే.

3. ముందు మామూలుగా రాయండి, తర్వాత కోయండి

మొదటిసారి రాసింది ఎవరిదైనా ఇలాగే ఉంటుంది:

"నువ్వు ఫోన్ ఎత్తకపోతే ప్రాణం పోయినట్టు ఉంటుంది, అయినా నీ మీద నమ్మకంతో కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూస్తూనే ఉంటాను."

ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇది చదివిన నర్సు వార్డులో నిలబడి ఏం చేయాలి? తన డ్యూటీ వల్ల అవతల ఒకరి ప్రాణం పోతోందని బాధపడాలి. ఓర్చుకుంటున్నానని చెప్పడానికి పంపిన మాట ఆమె మీద బరువు పెట్టింది. అతినాటకీయతతో వచ్చే అసలు నష్టం ఇదే. అందంగా లేకపోవడం చిన్న సంగతి, అవతలివాళ్ళు మీ బాధకు పూచీ పడాల్సి రావడం పెద్ద సంగతి.

ఇప్పుడు కోద్దాం. ప్రాణం, శ్వాస, గుండె, కన్నీరు, జన్మజన్మలు, విరహం, నరకం, యుగాలు, ఎప్పటికీ, ప్రతి క్షణం. ఈ మాటలు ఎక్కడ కనిపించినా గీత కొట్టండి. మిగిలినదాన్ని జరిగింది జరిగినట్టు తిరిగి రాస్తే ఇలా ఉంటుంది:

"నువ్వు ఫోన్ ఎత్తకపోతే పనిలో ఉన్నావనుకుంటాను. తర్వాత నువ్వే చేస్తావని తెలుసు."

ఇది నిజం, ఎవరి మీదా బరువు లేదు. కాకపోతే ఇది కబురు, ఇంకా మాట కాలేదు. ఇంకొంచెం బిగించాలి:

"ఫోన్ ఎత్తలేదంటే పనిలో ఉన్నట్టే లెక్క."

ఇక్కడ ఆగినా పర్లేదు. నోటితో అనుకోవడానికి ఇదే బాగుంటుంది. రోజూ మాట్లాడుకునే భాషకి దగ్గరగా ఉంది, "లెక్క" అన్న మాట ఇద్దరి మధ్య ఒక ఒప్పందంలా వినిపిస్తుంది. కార్డు మీదో, పెట్టెలో మడిచి పెట్టే కాగితం మీదో రాయాలంటే ఇంకో మెట్టు ఎక్కవచ్చు:

"ఎత్తని ఫోనంటే పనిలో ఉన్న మనిషి."

క్రియ పోయింది. తెలుగులో "ఇది అది" అని చెప్పడానికి "ఉంది", "అవుతుంది" అక్కర్లేదు. "నిదానమే ప్రధానం", "దూరపు కొండలు నునుపు", దేనికీ చివర క్రియ లేదు. వాక్యం చివర "అవుతుంది", "కలిగి ఉంటుంది", "చేస్తుంది" మిగిలిపోయాయంటే అది ఇంకా బిగియలేదని గుర్తు. లేదా వేరే భాషలోంచి దించుకున్నదని గుర్తు.

4. రెండు ముక్కలు చేసి తూకం చూడండి

సామెతల్ని వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. "నిదానమే ప్రధానం" 7 అక్షరాలు. "అనుమానం పెనుభూతం" 8. "దూరపు కొండలు నునుపు" 9. మన మాట "ఎత్తని ఫోనంటే" 6, "పనిలో ఉన్న మనిషి" 8, మొత్తం 14. కాస్త పొడుగే, కానీ ఒక్క ఊపిరిలో అనగలం. మొత్తం పాతిక దాటితే నోరు తిరగదు, గుర్తుండదు. అప్పుడు రెండు వాక్యాలుగా విడగొట్టడం మంచిది.

రెండు ముక్కలూ అచ్చంగా సమానంగా ఉండనక్కర్లేదు. రెండోది ఒకటి రెండు అక్షరాలు ఎక్కువుంటే చివర్లో కూర్చున్నట్టు వినిపిస్తుంది. ప్రాస దానంతట అది వస్తే ఉంచండి, తెచ్చిపెట్టుకోకండి. "దూరం" పక్కన "భారం", "తీరం", "నేరం" తెచ్చి వరసగా కడితే అది పాట పల్లవి అవుతుంది. మీరు చెప్పదలచింది ప్రాస ఎటు లాగితే అటు పోతుంది.

వాక్యం చివర మూడు చుక్కలు పెట్టే అలవాటుంటే మానండి. ఆ చుక్కలు చెప్పని బాధ ఏదో ఉందని సైగ చేస్తాయి. ఆశ్చర్యార్థకం కూడా అంతే.

5. మాటల రంగు చూసుకోండి

ఈ విషయంలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, అందుకే కాస్త నిలబడి చెబుతాం.

ఓపిక, ఓర్పు, సహనం ఒకటే అనుకుంటాం, కావు. "సహనం" అనగానే ఎవరో పెట్టే బాధని పడుతున్నట్టు వినిపిస్తుంది. "నా సహనాన్ని పరీక్షించకు" అన్నది అక్కడినుంచే వచ్చింది. భార్యాభర్తల మధ్య ఆ మాట వాడితే ఒకరు బాధ పెట్టేవాళ్ళు, ఒకరు పడేవాళ్ళు అయిపోతారు. "ఓర్పు" కొంచెం మెత్తన, కానీ దానిలోనూ ఉపదేశం వాసన ఉంది. "ఓపిక" అన్నింటికంటే మంచిది, ఎందుకంటే దానికి ఇంకో అర్థం ఉంది. ఒంట్లో శక్తి. "ఇవాళ ఓపిక లేదు" అంటే ఎవరి మీదో కోపం ఉందని కాదు, అలసిపోయామని. ఈ రెండో అర్థాన్ని వాడుకుంటే ఓపిక అన్నది గొప్ప గుణంలా కాకుండా, అయిపోయి మళ్ళీ వచ్చే మామూలు వస్తువులా మారుతుంది:

"ఓపిక అయిపోతే పడుకో, పొద్దున్నకి వస్తుంది."

ఇది ఓదార్పు కాదు, ఉపదేశం కాదు. చేయగలిగిన పని.

నమ్మకం, విశ్వాసం సంగతీ ఇలాంటిదే. "విశ్వాసంగా ఉంది" అని కుక్క గురించి అంటాం, పాత రోజుల్లో పనివాళ్ళ గురించి అనేవాళ్ళు. దంపతుల మధ్య ఆ మాటలో ఎక్కువ తక్కువలు వచ్చేస్తాయి. "నమ్మకం" అనండి. అదీ తప్పనిసరైతేనే. నమ్మకం మీద రాసే మాటలో ఆ పదమే కనిపించకపోతే ఇంకా బాగుంటుంది. "ఎత్తని ఫోనంటే పనిలో ఉన్న మనిషి"లో నమ్మకం అన్న పదం లేదు, కానీ ఉన్నదంతా అదే.

"నేను నిన్ను నమ్ముతున్నాను కాబట్టి ఎక్కడున్నావని అడగను" లాంటివి పంపకండి. నమ్మకం ప్రకటిస్తున్నట్టే ఉంటుంది, కానీ అడగాల్సినదేదో ఉందని ముందే చెప్పేస్తోంది. చదివినవాళ్ళకి "ఇప్పుడెందుకిది?" అనిపిస్తుంది.

6. పంపే వేళ చూసుకోండి

"ఈ రాత్రి", "ఇవాళ", "శుభోదయం" మాటలో ఉంటే తీసేయండి. మీ రాత్రి వాళ్ళ మధ్యాహ్నం. గంటల తేడా అంకెతో రాయకండి. గడియారాన్ని ఏడాదికి రెండుసార్లు గంట ముందుకి, వెనక్కి జరిపే దేశాలు చాలా ఉన్నాయి, జరపనివీ చాలా ఉన్నాయి. మన నర్సు ఉండేది జరిపే దేశమైతే, ముందుకి జరిపిన రోజున 5 గంటల తేడా 4 అవుతుంది. "అయిదు గంటల దూరం" అని కప్పు మీద అచ్చు వేయించి ఇస్తే సగం ఏడాది ఆ కప్పు అబద్ధం చెబుతుంది. "ఇంకా 43 రోజులు" లాంటిదీ అంతే, మర్నాటికి చచ్చిపోతుంది. పైగా సెలవు వాయిదా పడితే ఆ అంకె దెప్పుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. మాట ఏ సంగతి మీద రాశారో, ఆ సంగతి జరిగిన రోజున పంపకూడదు. ఫోన్ ఎత్తని గంటకి "ఎత్తని ఫోనంటే పనిలో ఉన్న మనిషి" అని పంపితే ఎత్తిపొడుపు. ఫోన్ కలిసి, బాగా మాట్లాడుకున్న రోజున పంపితే అదే మాట ధైర్యం. కాగితం మీద ఒక్క అక్షరం మారలేదు, మారింది వేళ మాత్రమే.

ఎవరు అంటున్నారన్నదీ చూడాలి. ఫోన్ చేసి, అవతల ఎత్తక మిగిలిపోయినవాళ్ళు ఈ మాట అంటే నమ్మకం. ఎత్తనివాళ్ళు అంటే సాకు. ఎత్తనివాళ్ళకు వేరే మాట కావాలి, ఇలాంటిది: "ఆలస్యమైతే ఆలస్యమని చెప్పడం ముందు, కారణం తర్వాత."

ఇంకో దారి: పాత సామెతని మలచుకోవడం

మొదటినుంచి రాయడం కుదరకపోతే, ఇద్దరికీ తెలిసిన సామెతకి ఒక ముక్క తగిలించండి. సగం పని సామెతే చేసి పెడుతుంది, అవతలివాళ్ళకి మొదటి ముక్క చదవగానే తెలిసిన చోటుకి వచ్చినట్టుంటుంది.

"అనుమానం పెనుభూతం" అందరికీ తెలుసు. ఉన్నదున్నట్టు పంపితే మాత్రం "నువ్వు అనుమానిస్తున్నావు" అని నింద వేసినట్టే. ఇలా మలచండి: "అడిగేస్తే అనుమానం, దాచుకుంటే పెనుభూతం." ఇప్పుడు అనుమానం రావడం తప్పు కాదు, అడగకపోవడమే తప్పు. అడగడానికి దారి ఇచ్చింది.

"ఓర్చినమ్మకు తేటనీరు" మంచి సామెతే, చెలమలో నీళ్ళు కదిలించకుండా కాసేపు ఆగితే బురద అడుగుకు దిగుతుందన్న బొమ్మ దానిలో ఉంది. కానీ అందులో ఓర్చుకోవాల్సింది అమ్మ ఒక్కతే. దూరంగా ఉన్న భర్త ఇంట్లో ఉన్న భార్యకి దీన్ని పంపితే "నువ్వే ఓర్చుకో" అన్నట్టు అందుతుంది. ఓపిక మీద మన పాత మాటలు చాలావాటికి ఈ గుణం ఉంది, గమనించుకోండి. "ఇద్దరూ కదపకపోతేనే తేటనీరు" అంటే బొమ్మ మిగులుతుంది, పెత్తనం పోతుంది.

"దూరపు కొండలు నునుపు"ని సరదాకి వాడుకోవచ్చు: "దూరపు కొండలు నునుపు, వీడియో కాల్లో ఇల్లూ నునుపే." కెమెరా తిప్పిన వైపు మాత్రమే సర్ది ఉంటుందని ఇద్దరికీ తెలుసు కాబట్టి నవ్వొస్తుంది. ఆ నవ్వులోనే "అక్కడ అంతా సుఖమేమీ కాదని నాకు తెలుసు" అన్నది కూడా చేరుతుంది.

"నిదానమే ప్రధానం" మాత్రం వదిలేయండి. రోడ్డు పక్క బోర్డు గుర్తొస్తుంది తప్ప ఇంకేమీ గుర్తురాదు.

పంపేముందు పరీక్షలు

మొదటిది, గొడవ రోజు పరీక్ష. పోయిన నెల మీ ఇద్దరికీ జరిగిన గొడవని గుర్తు చేసుకోండి. ఆ మర్నాడు ఈ మాట మీకు వచ్చి ఉంటే ఎలా చదివేవారు? దెప్పుతున్నట్టు వినిపిస్తే ఇంకా పని ఉంది. ఈ పరీక్షలో ఎక్కువగా తప్పేవి "నువ్వు" కర్త అయ్యి, క్రియ ఆజ్ఞలా ఉన్న వాక్యాలు. "నమ్ము", "ఆగు", "అర్థం చేసుకో" లాంటివి. అదే క్రియను "మనం"లోకి మార్చి చూడండి, చాలాసార్లు సరిపోతుంది.

రెండోది, తిరగేసే పరీక్ష. అదే మాట అవతలివాళ్ళు మీకు పంపితే మీకూ అంతే వర్తిస్తుందా? "ఓపిక అయిపోతే పడుకో" ఎటునుంచి ఎటైనా సరిపోతుంది. "నీ కోసం ఇక్కడ ఒకరు కాచుకుని ఉన్నారు" సరిపోదు, అది ఎప్పుడూ ఉన్నచోట ఉన్నవాళ్ళే అనగలరు. తిరగేస్తే విరిగే మాట ఎవరో ఒకరిని మెట్టు కింద నిలబెడుతోందని అర్థం.

మూడోది, నిజం పరీక్ష. "గడియారాలు రెండు, క్యాలెండరు ఒకటే" అన్న మాట బాగుంటుంది. కానీ తేడా పది పన్నెండు గంటలున్న జంటకి రోజులో సగం సేపు తేదీ కూడా వేరే. లెక్కల మనిషికి పంపితే ముందు ఆ తప్పే పట్టుకుంటారు. మీ ఆయనో, మీ ఆవిడో అలాంటివాళ్ళయితే ఇంకోటి ఎంచుకోండి. లేదా కావాలనే పంపండి, వాదించడానికి ఫోన్ చేస్తారు.

నాలుగోది, పైకి చదివే పరీక్ష. గొంతు మార్చకుండా, మామూలుగా కూరగాయల జాబితా చదివినట్టు చదవండి. అలా చదివినా నిలబడితే మంచి మాట. గొంతు తగ్గించి, ఊపిరి పీల్చి చదివితేనే బాగున్నట్టు అనిపిస్తే దాని బలం గొంతులో ఉంది, మాటలో లేదు.

కొన్ని తయారు మాటలు

తేదీల గురించి: "టికెట్ చేతికొచ్చాకే తేదీ నోటికి రావాలి." సెలవు మంజూరు కాకముందే "వచ్చే నెల వస్తున్నా" అని చెప్పి, తర్వాత రాలేక మాట పోగొట్టుకునేవాళ్ళకి ఇది. వచ్చేవాళ్ళు తమ మీద తామే పెట్టుకున్న నియమంలా అంటే అందంగా ఉంటుంది, ఎదురుచూసేవాళ్ళు అంటే షరతులా ఉంటుంది.

ఫోన్ల గురించి: "చెప్పిన వేళకు చేసిన ఫోను వంద మాటల పెట్టు."

మాట్లాడలేని రోజుల గురించి: "మాటల్లేని రోజుకి 'బాగున్నా' ఒక్కటి చాలు." ఇది ఒప్పందంగా బాగా నిలుస్తుంది. ఆ ఒక్క మాట వచ్చిన రోజు ఇంకేమీ అడగకూడదని ఇద్దరూ ముందే అనుకుంటేనే.

కోపం గురించి: "రాత్రి కోపం తెల్లారాక పంపాలి." ఎవరి ఉదయం అన్నది తేల్చుకోండి. రాసినవాళ్ళదే. అవతల ఇప్పటికే తెల్లారింది కదా అని వెంటనే పంపేస్తే నియమం తప్పినట్టే.

డబ్బు గురించి: "లెక్క ఇద్దరికీ తెలిసిన ఇంట్లో అనుమానానికి పని లేదు." ఇది పంపేముందు లెక్క నిజంగా ఇద్దరికీ తెలుసో లేదో చూసుకోండి. తెలియని ఇంట్లో ఈ మాట మొదటి గొడవ అవుతుంది.

నమ్మకం గురించి: "అడిగితే చెప్పేది జవాబు, అడగకముందే చెప్పేది నమ్మకం." వీటిలో కాస్త గంభీరమైనది ఇదే. ఆ పదం కూడా ఉంది. అందుకే ఏడాదికి ఒకసారికి మించి వాడకండి.

పని చేసిందో లేదో తెలిసేదెలా

"చాలా బాగుంది" అన్న జవాబు, రెండు చేతులు జోడించిన బొమ్మ, ఎర్ర గుండె బొమ్మ వచ్చాయంటే అందిందన్నమాట, అంతకంటే ఏమీ తెలియదు. ఒకటి రెండు వారాలు ఆగండి. అవతలివాళ్ళు ఆ మాటని మామూలు సందర్భంలో మీ మీదే తిప్పి వాడితే, ఉదాహరణకి మన నర్సు ఒక రోజు తనే ఫోన్ చేసి, అతను ఎత్తక, తర్వాత "పనిలో ఉన్నట్టే లెక్క అనుకున్నా" అంటే, ఆ మాట ఇద్దరిదీ అయిపోయింది. ఇక దాన్ని మీరు పంపనక్కర్లేదు. పంపితే అరుగుతుంది.

జవాబు బదులు "ఎందుకలా అన్నావు?" అని వస్తే మాటను సమర్థించుకోకండి, వివరించకండి. ఏ సంగతి మీద రాశారో ఆ సంగతి చెప్పండి, "మొన్న నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు చేశాను కదా, దాని గురించి" అని. మాట పోయినా ఆ సంభాషణ మిగులుతుంది.

ఏమీ రాకపోతే రెండోసారి అదే పంపకండి. నెలకి ఒకటి చాలు. వారానికి రెండు మూడు వస్తే పొద్దున్నే బంధువుల గ్రూపులో వచ్చే శుభోదయం బొమ్మల వరసలో ఇవీ చేరిపోతాయి, తెరవకుండానే చెరిపేస్తారు. మిగిలిన మాటలు మొదట రాసుకున్న కాగితం మీదే ఉండనివ్వండి. వచ్చేసారి సెలవుకి కలిసినప్పుడు ఆ కాగితం అవతలివాళ్ళ చేతికిచ్చి, కొట్టేయాల్సినవి కొట్టేయమనండి.